ఖాళీ సీట్లు ఉన్నా ఒకే బెంచీ మీద ఒకే పేపర్ ఎందుకు పడుతుంది: మిడ్ పరీక్షల సీటింగ్ ప్లాన్ గురించి

ప్రశ్న: మాది గుంటూరు దగ్గర ఇంజనీరింగ్ కాలేజీ. ఈ సెమిస్టర్ నుంచి ఎగ్జామ్ సెక్షన్ పని నాకు ఇచ్చారు. సెకండియర్ మిడ్స్‌కి సీఎస్ఈ 188, ఏఐడీఎస్ 64, ఈసీఈ 126, ఈఈఈ 54, మొత్తం 432 మంది. గదులు 10, గదికి 24 బెంచీలు, బెంచీకి ఇద్దరు, అంటే 480 సీట్లు. 48 సీట్లు మిగులుతున్నా, ఎన్నిసార్లు మార్చి చూసినా ఎక్కడో ఒకచోట పక్కపక్కన ఒకే పేపర్ వాళ్ళు వస్తున్నారు. వేర్వేరు బ్రాంచ్‌లని కలిపి వేస్తే సీఎస్ఈ పక్కన ఏఐడీఎస్ పడి, మొదటి రోజు ఇద్దరిదీ డిస్క్రీట్ మ్యాథ్స్ అయింది. దీనికి ఒక పద్ధతి ఏదైనా ఉందా?

సమాధానం:

పద్ధతి ఉందండీ. కాకపోతే మీరు ఇచ్చిన అంకెలతో, ఆ 10 గదుల్లోనే, ఎంత తెలివైన వాళ్ళు కూర్చుని వేసినా మొదటి రోజు ప్లాన్ కుదరదు. ముందు అదెందుకో చూస్తే మీ శ్రమ సగం తగ్గుతుంది.

సీటింగ్ వేసేటప్పుడు బ్రాంచ్ పేరు మరిచిపోండి. విడదీయాల్సింది ఒకే క్లాసు పిల్లల్ని కాదు, ఒకే ప్రశ్నపత్రం రాసేవాళ్ళని. సీఎస్ఈ, ఏఐడీఎస్ ఇద్దరిదీ ఆ రోజు ఒకే పేపర్ కోడ్ అయితే వాళ్ళు రెండు బ్రాంచ్‌లు కాదు, 252 మంది ఉన్న ఒకే గుంపు. ఎలక్టివ్స్ రోజు దీనికి రివర్స్: ఒకే సెక్షన్ వాళ్ళు మూడు వేర్వేరు పేపర్లు రాస్తారు, అప్పుడు వాళ్ళని పక్కపక్కన కూర్చోబెట్టినా ఇబ్బంది లేదు. ఓపెన్ ఎలక్టివ్ అయితే నాలుగు బ్రాంచ్‌ల వాళ్ళు ఒకే పేపర్ మీద ఉంటారు. అందుకని మీ లిస్టులో రోల్ నంబర్ పక్కన బ్రాంచ్ కాలమ్ ఉన్నా లేకపోయినా పేపర్ కోడ్ కాలమ్ తప్పకుండా ఉండాలి, అది రోజుకి ఒకటి మారుతుంది.

ఇప్పుడు 252ని మీ బెంచీలతో పోల్చండి. సీట్లతో కాదు, బెంచీలతో. 10 గదులు, గదికి 24, మొత్తం 240 బెంచీలు. ఒక బెంచీ మీద ఒకే పేపర్ వాళ్ళు ఒకరికి మించి ఉండకూడదు అన్నాం కాబట్టి ఏ పేపర్ రాసేవాళ్ళైనా 240కి మించకూడదు. మీ డిస్క్రీట్ మ్యాథ్స్ గుంపు 252. పన్నెండు మంది ఎక్కువ. ఆ పన్నెండు మందీ ఎక్కడో ఒకచోట తమ పేపర్ వాళ్ళ పక్కనే కూర్చోక తప్పదు. 48 సీట్లు ఖాళీగా ఉండటం ఇందులో ఏమాత్రం సాయపడదు, ఎందుకంటే ఆ ఖాళీలన్నీ అప్పటికే ఒక సీఎస్ఈ అబ్బాయో ఏఐడీఎస్ అమ్మాయో కూర్చున్న బెంచీల మీద రెండో సీట్లు. ఎగ్జామ్ సెక్షన్‌లో చేరిన కొత్తలో చాలామంది సీట్ల లెక్క చూసుకుని ధైర్యంగా ఉంటారు. చూడాల్సింది బెంచీల లెక్క. బెంచీకి ముగ్గురు కూర్చున్నా ఈ లెక్క మారదు: ఒక పేపర్ వాళ్ళు బెంచీల సంఖ్యకి మించితే చాలు, ప్లాన్ కుదరదు.

ఈ పన్నెండు మందికి దారులు మూడున్నాయి. ఒకటి, ఇంకో గది అడగడం. పదకొండో గది దొరికితే 264 బెంచీలు, హాయిగా సరిపోతుంది. రెండోది, డ్రాయింగ్ హాల్. చాలా ఇంజనీరింగ్ కాలేజీల్లో ఫస్టియర్‌కి ఇంజనీరింగ్ డ్రాయింగ్ కోసం ఒక హాలు ఉంటుంది, అందులో ఒక్కొక్కరికి ఒక టేబుల్. ఆ పూట డ్రాయింగ్ క్లాసు లేకపోతే ఖాళీగానే ఉంటుంది. అక్కడ పన్నెండు టేబుళ్ళు తీసుకుంటే చాలు. మూడోది, మూడో సంవత్సరం వాళ్ళని వాళ్ళ గదులతో సహా అదే పూటకి తెచ్చి కలపడం. ఇది అన్నిటికంటే మంచిది, కానీ టైమ్ టేబుల్ వేసేటప్పుడే ఆలోచించాలి. రేపు పరీక్ష అనగా ఈ రోజు అది కుదరదు. ఇంకో ఆలోచన కూడా కొందరు చేస్తారు: ఏఐడీఎస్‌ని మధ్యాహ్నానికి మారుద్దాం అని. పేపర్ ఒకటే అయినప్పుడు అది అస్సలు చేయకండి. పదకొండున్నరకి బయటికొచ్చిన సీఎస్ఈ వాళ్ళ దగ్గర నుంచి ప్రశ్నలు రెండు గంటలకి కూర్చునేవాళ్ళకి చేరడానికి క్యాంటీన్ దాకా కూడా వెళ్ళక్కర్లేదు, వాట్సాప్ చాలు.

మీకు డ్రాయింగ్ హాల్ దొరుకుతుందనే అనుకుని ముందుకు వెళ్తాను.

అసలు పద్ధతి ఒక్క ముక్కలో చెప్పొచ్చు. అందరినీ పేపర్ వారీగా, ప్రతి పేపర్ లోపల రోల్ నంబర్ వారీగా ఒకే పొడవాటి వరుసగా రాయండి. మొత్తం బెంచీలు ఎన్నో ఆ సంఖ్య దగ్గర వరుసని కోయండి. మొదటి ముక్కలో వాళ్ళు ఒక్కో బెంచీకి ఒక్కరు. రెండో ముక్కని తెచ్చి మొదటి ముక్క పక్కన పెట్టండి. అంతే. మీ విషయంలో బెంచీలు 240, హాల్లో టేబుళ్ళు 12, మొత్తం 252. కాబట్టి వరుసలో 1వ వ్యక్తి పక్కన 253వ వ్యక్తి, 2 పక్కన 254, అలా.

ఇది ఎప్పుడూ ఎందుకు పనిచేస్తుందో ఒకసారి ఆలోచిస్తే ఇక ఎవరినీ అడగక్కర్లేదు. పక్కపక్కన కూర్చున్న ఇద్దరి మధ్య వరుసలో ఎప్పుడూ సరిగ్గా 252 స్థానాల దూరం ఉంటుంది. ఒక పేపర్ వాళ్ళందరూ వరుసలో ఒకేచోట తెగకుండా ఉన్నారు. ఆ గుంపు 252కి మించనప్పుడు దాని మొదటి మనిషికీ చివరి మనిషికీ మధ్య దూరం 251 దాటదు. కాబట్టి 252 దూరంలో ఉన్న ఇద్దరూ ఒకే గుంపులో ఉండే అవకాశమే లేదు. పెద్ద గుంపు ముందు రావాలా, చిన్నది ముందు రావాలా అన్నది కూడా ఇక్కడ ముఖ్యం కాదు. నేనైతే పెద్దదాన్నే ముందు పెడతాను, గదుల చార్ట్ చదవడానికి తేలిగ్గా వస్తుంది కాబట్టి.

మీ అంకెలతో ఇది ఎలా పడుతుందో చూడండి. వరుసలో 1 నుంచి 188 దాకా సీఎస్ఈ, 189 నుంచి 252 దాకా ఏఐడీఎస్, వీళ్ళది ఒకే పేపర్. 253 నుంచి 378 దాకా ఈసీఈ, 379 నుంచి 432 దాకా ఈఈఈ. మొదటి ముక్కతో పది గదుల్లో ప్రతి బెంచీ మీదా డిస్క్రీట్ మ్యాథ్స్ రాసేవాళ్ళు ఒక్కరు చొప్పున వస్తారు, మిగిలిన పన్నెండు మంది ఏఐడీఎస్ వాళ్ళు డ్రాయింగ్ హాల్లో. రెండో ముక్క 180 మంది. ఈసీఈ వాళ్ళు మొదటి ఐదు గదులు నింపి ఆరో గదిలో ఆరుగురు కూర్చుంటారు. ఆరో గదిలో మిగిలిన 18 సీట్లు, ఏడో గదిలో 24, ఎనిమిదో గదిలో 12 ఈఈఈ వాళ్ళవి. ఎనిమిదో గది వెనక సగంలో, తొమ్మిది, పది గదుల్లో బెంచీకి ఒక్కరే ఉంటారు. ఏడు గదులు కిక్కిరిసి, రెండున్నర గదులు పలచగా ఉండటం చూడటానికి అందంగా ఉండదు, నిజమే. పలచగా ఉన్న గదుల్లో ఇన్విజిలేటర్ ఒక్కరు చాలు, నిండు గదుల్లో ఇద్దరిని వేయండి. సమానంగా సర్దాలని కూర్చుంటే ఒక గదిలో మూడు బ్రాంచ్‌ల ముక్కలు పడి, ప్రశ్నపత్రాల కట్టలు కట్టేవాళ్ళు మిమ్మల్ని తిట్టుకుంటారు.

పక్క సీటు సంగతి తేలింది. ఇక ముందు సీటు. నిజానికి మిడ్స్‌లో చూసిరాత ఎక్కువగా జరిగేది పక్కనుంచి కాదు, ముందున్నవాడి భుజం మీదుగా. పైన చెప్పినట్టు వేసి వదిలేస్తే ప్రతి బెంచీ మీదా ఎడమ సీటు మొదటి ముక్క వాళ్ళదే అవుతుంది, అంటే ముందు నుంచి వెనకదాకా ఒకే పేపర్ నిలువుగా నడుస్తుంది. పైగా 501 వెనక 502, 502 వెనక 503. వరుస రోల్ నంబర్లంటే ఒకే ల్యాబ్ బ్యాచ్, ఒకే రికార్డు, ఒకే వైవా. ఎవరికి ఏమొచ్చో ఒకరికొకరికి బాగా తెలుసు.

దీనికి రెండు చిన్న మార్పులు చాలు. మొదటిది, బేసి వరుస బెంచీల్లో మొదటి ముక్క వాళ్ళని గుమ్మం వైపు, సరి వరుస బెంచీల్లో కిటికీ వైపు కూర్చోబెట్టండి. అప్పుడు ఎవరి ముందు సీటులోనైనా, వెనక సీటులోనైనా వేరే పేపరే ఉంటుంది. బెంచీకి ఒక్కరే ఉన్న గదుల్లో అయితే ముందు సీటూ వెనక సీటూ ఖాళీగా వస్తాయి, అది ఇంకా మంచిది. రెండోది, గదిలో నింపేటప్పుడు నిలువుగా కాకుండా అడ్డంగా నింపండి. మీ గదిలో మూడు నిలువు వరుసలు, వరుసకి ఎనిమిది బెంచీలు అనుకుంటే, మొదటి బెంచీల్లో 501, 502, 503, రెండో బెంచీల్లో 504, 505, 506. అప్పుడు వెనక బెంచీ మీద ఉండేది మూడు నంబర్ల అవతలి వాళ్ళు. మూలగా ఒకే పేపర్ పడుతుంది, అది రెండు పేపర్లతో తప్పించలేం.

ఎందుకు తప్పించలేమంటే, నాలుగు సీట్ల చతురస్రం ఒకటి తీసుకోండి: ఒక బెంచీ, దాని వెనక బెంచీ. పక్క, ముందు, మూల, మూడు వైపులా వేరు కావాలంటే ఆ నాలుగు సీట్లలోనూ నాలుగు వేరే పేపర్లు ఉండాలి. మూడు పేపర్లుంటే, వాటిని అడ్డంగా ఒకటి రెండు మూడు అని వేసుకుంటూ పోయి, వెనక వరుసలో రెండు మూడు ఒకటి అని ఒక్కో సీటు జరిపితే, ఒక వైపు మూల మాత్రమే కలుస్తుంది, రెండో వైపు మూల వేరవుతుంది. నాలుగుంటే ముందు బెంచీ మీద మొదటి రెండు, వెనక బెంచీ మీద మిగతా రెండు, మళ్ళీ అలాగే. కానీ అప్పుడు ఏ పేపర్ గుంపూ మొత్తం సీట్లలో నాలుగో వంతు మించకూడదు. మీ 480లో నాలుగో వంతు 120. మీ ఈసీఈ కూడా దాన్ని దాటేసింది. కాబట్టి మిడ్స్‌కి మూల గురించి పట్టుబట్టకండి. మూలగా చూడాలంటే తల తిప్పాలి, తల తిప్పితే ఇన్విజిలేటర్‌కి కనిపిస్తుంది. భుజం మీదుగా చూడటానికి తల ఎత్తితే చాలు, అది కనిపించదు.

పేకముక్కలు పంచినట్టు 501ని మొదటి గదికి, 502ని రెండో గదికి, అలా పది గదులకీ పంచితే ఇంకా గట్టిగా ఉంటుంది కదా అని మీ ప్రిన్సిపల్ అడగొచ్చు. ఉంటుంది. కానీ పరీక్ష అయ్యాక ప్రతి గది నుంచి వచ్చే జవాబు పత్రాల్లో 501, 511, 521 ఉంటాయి, వాటిని మళ్ళీ రోల్ నంబర్ వరుసలో పేర్చి సబ్జెక్ట్ టీచర్‌కి ఇవ్వడానికి సాయంత్రం దాకా పడుతుంది. ఎవరు రాలేదో లెక్క తేలడమూ అప్పుడే. యూనివర్సిటీ పరీక్షకైతే ఆ శ్రమ పడొచ్చు. మిడ్‌కి ఇంత అవసరం లేదనేది నా అభిప్రాయం.

ఇక ఎక్సెల్. List అనే షీట్‌లో A కాలమ్‌లో రోల్ నంబర్, B కాలమ్‌లో ఆ రోజు పేపర్ కోడ్, 2వ వరుస నుంచి 433వ వరుస దాకా. ముందు B మీద, తర్వాత A మీద సార్ట్ చేయండి. పేపర్ కోడ్‌ల అక్షర క్రమం వల్ల డిస్క్రీట్ మ్యాథ్స్ ముందు రాకపోతే, ఆ ముక్కని కట్ చేసి పైకి తెచ్చుకోండి. సీఎస్ఈ, ఏఐడీఎస్‌లకి పేపర్ ఒకటే అయినా మీ రిజిస్టర్‌లో రెండు సబ్జెక్ట్ కోడ్‌లుగా ఉంటే, ఈ కాలమ్‌లో మాత్రం రెండింటికీ ఒకే కోడ్ రాయాలి. ఇంకో షీట్‌లో A2 నుంచి 1, 2, 3 అని 252 దాకా బెంచీ నంబర్లు, L1 సెల్‌లో 252. ఆ తర్వాత 2వ వరుసలో ఇవి రాసి కిందకి లాగండి:

```
B2: =INT((A2-1)/24)+1
C2: =INT(MOD(A2-1,24)/3)+1
D2: =MOD(A2-1,3)+1
E2: =INDEX(List!$A$2:$A$433,A2)
F2: =IFERROR(INDEX(List!$A$2:$A$433,A2+$L$1),"")
G2: =IF(MOD(C2,2)=1,E2,F2)
H2: =IF(MOD(C2,2)=1,F2,E2)
```

B గది, C ముందు నుంచి ఎన్నో బెంచీ, D ఎన్నో నిలువు వరుస. పదకొండో గదిగా వచ్చేదే డ్రాయింగ్ హాల్. E మొదటి ముక్కలో మనిషి, F రెండో ముక్కలో మనిషి. G గుమ్మం వైపు సీటు, H కిటికీ వైపు సీటు. లిస్టు అయిపోయిన తర్వాత F ఖాళీగా వస్తుంది.

ఒక బెంచీ తీసి చేత్తో సరిచూద్దాం. లిస్టులో ఖాళీలు లేవనుకుంటే సీఎస్ఈలో 141వ అమ్మాయి నంబర్ `23XX1A05E1`, XX దగ్గర మీ కాలేజీ కోడ్. ఆమె బెంచీ 141. 140ని 24తో భాగిస్తే 5, మిగిలింది 20, అంటే ఆరో గది. 20ని 3తో భాగిస్తే 6, అంటే ఏడో బెంచీ. శేషం 2 కాబట్టి మూడో నిలువు వరుస. ఏడు బేసి కాబట్టి గుమ్మం వైపు. పక్కన కూర్చునేది 141 కలిపి 252, అంటే 393వ వ్యక్తి. ఈఈఈ 379 దగ్గర మొదలైంది, కాబట్టి ఈఈఈలో పదిహేనో వ్యక్తి, `23XX1A0215`. ఇలా రెండు మూడు బెంచీలు చేత్తో లెక్కవేసి షీట్‌తో కలిస్తే అప్పుడు ప్రింట్ ఇవ్వండి.

ప్రింట్ కన్నా ముందు ఇంకో కాలమ్ పెట్టుకోండి, అది తప్పుని తనే చూపిస్తుంది:

```
I2: =IF(F2="","",IF(INDEX(List!$B$2:$B$433,A2)=INDEX(List!$B$2:$B$433,A2+$L$1),"X",""))
```

ఈ కాలమ్‌లో ఎక్కడైనా X కనిపిస్తే, ఆ బెంచీ మీద ఒకే పేపర్ వాళ్ళు ఇద్దరున్నారు. L1లో 252 బదులు 240 పెట్టి చూడండి, సరిగ్గా పన్నెండు X లు వస్తాయి, మొదటి పన్నెండు బెంచీల మీద. మీరు ఇన్ని రోజులూ చోటు మార్చి మార్చి చూస్తున్నది ఆ పన్నెండునే.

ఇప్పుడు రోల్ నంబర్ల గురించి, ఎందుకంటే ఫార్ములాలు సరిగ్గా ఉన్నా ప్లాన్ చెడేది ఇక్కడే. మన కాకినాడ జేఎన్టీయూ నంబర్‌లో మొదటి రెండు అంకెలు చేరిన సంవత్సరం, తర్వాత కాలేజీ కోడ్, తర్వాత రెగ్యులర్ అయితే `1A`, లాటరల్ ఎంట్రీ అయితే `5A`, తర్వాత బ్రాంచ్, సీఎస్ఈకి `05`, ఈసీఈకి `04`, ఈఈఈకి `02`, చివర రెండు వరుస సంఖ్య. 99 తర్వాత 100 రాదు, `A0` వస్తుంది, `A9` తర్వాత `B0`. పూర్తి నంబర్ ఉంచినంత కాలం ఎక్సెల్ దీన్ని సరిగ్గానే సార్ట్ చేస్తుంది, అక్షరాల కన్నా అంకెలు ముందొస్తాయి కాబట్టి.

చిక్కు ఎక్కడంటే, చార్ట్‌లో చోటు కోసం కొందరు చివరి నాలుగు అక్షరాలే టైప్ చేస్తారు. `05D9` దాకా `0501` కాస్తా 501 అవ్వడం లాంటివి తప్ప పెద్ద ఇబ్బంది ఉండదు. `05E1` అని కొట్టగానే ఎక్సెల్ దాన్ని ఐదు ఇంటూ పది అనుకుని 50 అని దాచుకుంటుంది, సెల్‌లో `5.00E+01` అని కనిపిస్తుంది. `05E0` నుంచి `05E9` దాకా పదిమందికీ ఇదే గతి. ఆ పది మంది చార్ట్‌లో కనిపించరు, ఉదయం తొమ్మిదిన్నరకి మీ గది ముందు నిలబడతారు. ఒక్కసారి అలా మారిపోయాక కాలమ్‌ని టెక్స్ట్ చేసినా పాత నంబర్ తిరిగి రాదు. అందుకని ఖాళీ కాలమ్‌ని ముందే టెక్స్ట్‌గా మార్చి ఆ తర్వాత అతికించండి, లేదా ఎప్పుడూ పూర్తి పది అక్షరాలే వాడండి. చివరి నాలుగు చూపించాలంటే `=RIGHT(E2,4)` రాయండి, అది టెక్స్ట్‌గానే ఉంటుంది.

లాటరల్ వాళ్ళు ఒక ఏడాది ఆలస్యంగా చేరతారు కాబట్టి 23 బ్యాచ్‌తో చదివే డిప్లొమా వాళ్ళ నంబర్ 24తో మొదలవుతుంది, సార్ట్‌లో వాళ్ళ గుంపు చివరికి వెళ్తుంది. డిటెయిన్ అయ్యి మళ్ళీ చేరినవాళ్ళది 22తో మొదలవుతుంది, వాళ్ళు అందరికన్నా ముందుకి వస్తారు. రెండూ సరైనవే, సార్ట్‌ని చేత్తో దిద్దకండి. కానీ మళ్ళీ చేరినవాళ్ళ పేర్లు డిపార్ట్‌మెంట్ పంపే క్లాస్ లిస్టులో ఉండవు, ఆఫీసులో రీ-అడ్మిషన్ ఫైల్లో ఉంటాయి. డిపార్ట్‌మెంట్ లిస్టు ఒక్కదాన్నే నమ్మితే ప్రతి మిడ్‌కీ ఇద్దరు ముగ్గురు మిగిలిపోతారు. అందుకే డ్రాయింగ్ హాల్లో మిగతా టేబుళ్ళని తాకకుండా వదిలేయమంటాను: అలా ఉదయం తేలినవాళ్ళు ఏ పేపర్ వాళ్ళైనా అక్కడ విడిగా కూర్చోవచ్చు, ప్లాన్‌లో ఒక్క బెంచీ కూడా కదపక్కర్లేదు. చివరి నిమిషంలో ఒక పేరు లిస్టు మధ్యలో చేర్చారా, ఆ కింద ఉన్నవాళ్ళందరూ ఒక్కో బెంచీ జరిగిపోతారు. అప్పటికే తలుపుల మీద అతికించిన కాగితాలన్నీ తప్పు. చార్ట్ ప్రింట్ అయ్యాక లిస్టు ముట్టుకోకూడదు.

ఎడమ, కుడి అని రాయొద్దని ముందే చెప్పాలనుకున్నాను. చార్ట్ పట్టుకుని బోర్డు దగ్గర నిలబడిన ఇన్విజిలేటర్‌కి ఎడమ, బెంచీ మీద కూర్చున్న పిల్లాడికి కుడి. గది మొత్తం అద్దంలో బొమ్మలా తిరగబడితే నష్టం లేదు, పక్కవాళ్ళు పక్కవాళ్ళే. సగం మంది ఇన్విజిలేటర్ చెప్పినట్టు, సగం మంది చార్ట్ చూసి కూర్చుంటే మాత్రం రెండు వరుసలు కలిసే చోట 504 వెనక 507 పడతాడు. గుమ్మం వైపు, కిటికీ వైపు అంటే ఎవరికీ సందేహం రాదు. నిలువు వరుసలు కూడా గుమ్మం దగ్గర నుంచే లెక్కపెట్టండి. గుమ్మాలు రెండున్న గదుల్లో బోర్డుకి దగ్గరగా ఉన్నది అని రాయండి. బెంచీ నంబర్ సుద్దముక్కతో బెంచీ మీదే వేయించండి, అటెండర్‌కి గదికి పది నిమిషాల పని.

చార్ట్ ముందు రోజు సాయంత్రం గ్రూపులో పెట్టాలా వద్దా అన్నది కూడా అడుగుతారు. తెనాలి నుంచీ నరసరావుపేట నుంచీ బస్సుల్లో వచ్చే పిల్లలు ఉంటారు, గది ఏదో తెలియకపోతే ఉదయం నోటీసు బోర్డు దగ్గర తొక్కిసలాట. కాబట్టి గది నంబర్ సాయంత్రమే చెప్పేయండి: ఫలానా నంబర్ నుంచి ఫలానా నంబర్ దాకా ఫలానా గది. బెంచీ మాత్రం తలుపు మీద కాగితంలోనే ఉండాలి. బెంచీ కూడా రాత్రే తెలిస్తే తెల్లారేసరికి ఆ బెంచీ మీద పెన్సిల్‌తో సూత్రాలు వెలుస్తాయి.

రెండో రోజు నుంచి ఇదే ప్లాన్ వాడొచ్చా అంటే, ముందు పేపర్ కోడ్‌లు మార్చి X కాలమ్ చూడండి. ఆ రోజు ఈసీఈ, ఈఈఈకి ఒకే పేపర్ అయినా 180 మందే, 252 లోపే, కాబట్టి X రాదు. సీఎస్ఈ, ఏఐడీఎస్ పేపర్లు వేరైతే ఇంకా సులువు, అప్పుడు డ్రాయింగ్ హాల్ కూడా అక్కర్లేదు, L1లో 240 పెట్టి A కాలమ్‌ని 240 దగ్గర ఆపేయండి. ఆ రోజు చివరి పన్నెండు మంది ఏఐడీఎస్ వాళ్ళు రెండో ముక్కలోకి వచ్చి మొదటి గదిలో సీఎస్ఈ పక్కన కూర్చుంటారు, పేపర్లు వేరు కాబట్టి తప్పు లేదు. నేనైతే మూడు రోజులూ ఒకే పక్కవాడిని ఉంచను. రెండో ముక్కలో వాళ్ళందరి క్రమాన్ని రోజుకి ఒక గది చొప్పున, అంటే 24 మందిని పైనుంచి తీసి చివర పెట్టి, మళ్ళీ X కాలమ్ చూస్తాను. రెండో రోజుకే ఎవరు ఎవరికి ఏం చూపించాలో ఒప్పందాలు కుదిరిపోతాయి, వేరే బ్రాంచ్ వాడైనా సరే, మ్యాథ్స్ చెప్పగలడు.

ఫస్టియర్‌కి ఈ పద్ధతి యథాతథంగా పనికిరాదు. వాళ్ళకి మ్యాథ్స్ రోజు అన్ని బ్రాంచ్‌లకీ ఒకే పేపర్, గుంపు ఒక్కటే, బెంచీకి ఒక్కరు తప్ప వేరే దారి లేదు. అక్కడ టైమ్ టేబుల్ కమిటీతో మాట్లాడి ఫస్టియర్ మ్యాథ్స్ పూటనే సెకండియర్ వాళ్ళ పేపర్ ఒకటి వేయించుకోండి. మొదటి ముక్క ఫస్టియర్, రెండో ముక్క సెకండియర్. యూనివర్సిటీ సెమిస్టర్ పరీక్షలకి గదికి ఎంతమంది, ఎంత ఎడం అన్నది చీఫ్ సూపరింటెండెంట్‌కి వచ్చే సూచనల ప్రకారం ఉండాలి. ఆ లెక్కతో బెంచీల సంఖ్య తేల్చుకుని L1లో ఆ అంకె పెట్టి A కాలమ్‌ని అక్కడే ఆపండి, గదికి బెంచీలు, నిలువు వరుసలు, లిస్టు పొడవు మారితే ఫార్ములాల్లో 24, 3, 433 కూడా మార్చండి, మిగతా షీట్ అదే.

చివరగా ప్రశ్నపత్రాల కట్టలు. ఒక్కో గదికి ఏ పేపర్ ఎన్ని కావాలో ఈ షీట్ నుంచే లెక్క తీయండి. ఆరో గదికి డిస్క్రీట్ మ్యాథ్స్ 24, ఈసీఈ పేపర్ 6, ఈఈఈ పేపర్ 18. ఎనిమిదో గదికి 24, 12. అన్ని గదులూ, డ్రాయింగ్ హాలూ కలిపితే 252, 126, 54 రావాలి. రాకపోతే కవర్లు అంటించకండి, లిస్టులో ఎవరో రెండుసార్లు ఉన్నారు లేదా ఎవరో లేరు.